బడికి రాని రోజులను ప్రోగ్రెస్ కార్డులో ఎలా రాయాలి: ఒక కొత్త పంతులమ్మకు లేఖ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

దసరా సెలవులకు ముందు ఇవ్వవలసిన ప్రోగ్రెస్ కార్డుల్లో ఒక్కటి మాత్రం రాయలేక ఆగిపోయానని, రాసి కొట్టేసిన వాక్యాన్ని కూడా జత చేసి, నువ్వు పంపిన ఉత్తరం అందింది. లంక ఊరి నుంచి మీ బడికి వచ్చే ఆ నాలుగో తరగతి పాప గురించి నువ్వు రాసిన వాక్యం ఇది: "తెలివైన పిల్లే కానీ బడికి సక్రమంగా రాకపోవడం వల్ల చదువులో వెనుకబడింది." దీన్ని కొట్టేసి మంచి పని చేశావు. అయితే ఎందుకు కొట్టేయాలనిపించిందో నీకు స్పష్టంగా తెలియలేదని నీ ఉత్తరమే చెబుతోంది కాబట్టి, ముందుగా ఆ వాక్యాన్నే విప్పి చూద్దాం.

అందులో మూడు సంగతులు ఉన్నాయి, మూడింటికీ ఆధారం లేదు. "తెలివైన పిల్ల" అన్నది ఆమె ఏం చేయగలదో చెప్పదు. "సక్రమంగా రాలేదు" అన్నది ఎన్ని రోజులో చెప్పదు, పైగా తప్పు పాపదే అన్నట్టు వినిపిస్తుంది. అన్నిటికంటే ప్రమాదకరమైనది మధ్యలో కూర్చున్న "వల్ల". రాకపోవడం వల్లే వెనుకబడిందని నువ్వు ఎలా తేల్చుకున్నావు? హాజరు పట్టీలో ఖాళీలున్నాయి, పరీక్ష కాగితంలో తప్పులున్నాయి, రెండింటినీ నీ కలం కలిపేసింది. నేనూ ఒక పిల్లవాడి కార్డులో వరుసగా మూడుసార్లు ఇలాగే "గైర్హాజరు వల్ల" అని రాశాను. నాలుగోసారి పక్కన కూర్చోబెట్టుకుని చూస్తే, వాడికి రాని లెక్క నేను వాడి ఎదుటే చెప్పిన లెక్క. ఆ వారమంతా వాడు బడిలోనే ఉన్నాడని పట్టీ చెప్పింది. వాడు రాని రోజుల మీదకు నెట్టేసి, వచ్చిన రోజుల్లో నా బోధన ఎలా సాగిందో నేను చూసుకోలేదు.

కాబట్టి కార్డు ముట్టుకునే ముందు హాజరు పట్టీ తెరువు. నువ్వు పంపిన వివరం ప్రకారం ఈ జూన్ నుంచి బడి 86 రోజులు జరిగితే పాప 49 రోజులు వచ్చింది, 37 రోజులు రాలేదు. ఆ 37 రోజులు ఎక్కడెక్కడ ఉన్నాయో ఎర్ర సిరాతో గుర్తు పెట్టు. గోదావరికి వరద వచ్చి కాజ్‌వే మునిగిన 15 రోజులు ఒక గుత్తి. నీరు తీసిన తరువాత మునిగిన చేలల్లో మళ్ళీ ఊడ్పులు పడి, తల్లి పనికి వెళితే చంటి తమ్ముణ్ణి చూసుకుంటూ ఉండిపోయిన 13 రోజులు ఇంకో గుత్తి. మిగిలిన 9 రోజులు అక్కడొకటి, ఇక్కడొకటి. ఈ మూడూ ఒకే రకం గైర్హాజరు కావు. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరి మొదటి హెచ్చరిక వెలువడే రోజుల్లో లంక పిల్లను పడవ ఎక్కించలేదని ఏ తల్లినీ అడగలేం. రెండో గుత్తి గురించి కుటుంబంతో మాట్లాడవచ్చు, కానీ ఇంటి అవసరాన్ని కార్డులో ఎక్కించకూడదు, ఎందుకంటే ఆ కార్డు వచ్చే ఏడాది మరో పంతులు చేతికి, ఆ పైన ఎవరెవరి చేతికో వెళుతుంది. కుటుంబం నిజంగా మార్చగలిగినది ఆ చెదురుమదురు 9 రోజులనే. నీ అడగడమంతా వాటి చుట్టూనే ఉండాలి.

కార్డులో "57 శాతం" అని రాయకు. "86 రోజుల్లో 49 రోజులు" అంటే ఎవరు చదివి వినిపించినా అర్థమవుతుంది. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు ఉండాలంటుంది. ఆ లెక్కన చూసినా పాప ఇప్పటికే ఏడాదిలో దాదాపు ఐదో వంతు పోగొట్టుకుంది. ఇది తేలికగా తీసుకోవలసిన సంగతి కాదు కనుకనే అంకెను దాచకు, మెత్తబరచకు. అంకె చెప్పిన తరువాత దానికి విశేషణం అక్కరలేదు.

ఇప్పుడు అసలు పని. మధ్యాహ్న భోజనం తరువాత పాపను పక్కన కూర్చోబెట్టుకుని 15 నిమిషాలు చూడమని కిందటి ఉత్తరంలో చెప్పాను. నువ్వు చూసి, ఆ కాగితం పంపావు. దాన్ని నేను రెండుసార్లు చదివాను, ఎందుకంటే నువ్వు రాయవలసిన వ్యాఖ్య మొత్తం ఆ కాగితంలోనే ఉంది.

46ను 3తో గుణించమంటే 138 అని రాసింది, అంటే ఎక్కమూ వచ్చు, చేతిలో మిగిలిన అంకెను పక్క స్థానానికి చేర్చడమూ వచ్చు. 46ను 23తో గుణించమంటే మొదలే పెట్టలేదు. ఆ పాఠం నువ్వు చెప్పింది వరద రోజుల్లో, పాప లేనప్పుడు. ఇది తెలియకపోవడం అంతే, చేతకాకపోవడం కాదు. 46ను 20తో గుణిస్తే 920, దానికి ముందు చేసిన 138 కలిపితే 1058 అని రెండు మెట్లుగా చూపిస్తే అందుకుంటుంది, ఎందుకంటే కావలసిన ముక్కలన్నీ ఆమె దగ్గర ఉన్నాయి.

తీసివేత సంగతి వేరు. 7352లో నుంచి 2131 తీసేయమంటే 5221 అని సరిగా రాసింది. 4003లో నుంచి 1867 తీసేయమంటే 3864 అని రాసింది. సరైన జవాబు 2136. ఆమె జవాబును అంకె అంకెగా చూడు: 7లో 3 పోతే 4, 6లో 0 పోతే 6, 8లో 0 పోతే 8, 4లో 1 పోతే 3. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలో నుంచి చిన్న అంకెను తీసేసింది, ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అన్నది పట్టించుకోలేదు. ఇది అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదు, ఆమె నమ్మిన పద్ధతి. నువ్వు అక్కడితో ఆగి ఉంటే, "నాలుగంకెల తీసివేత పాఠానికి రాలేదు, అందుకే" అని రాసేదానివి. కానీ నువ్వు వెనక్కి వెళ్ళి 52లో నుంచి 27 తీసేయమని అడిగావు, 35 అని రాసింది. ఇది నువ్వు చేసిన అన్నిటిలోకీ విలువైన పని. రెండంకెల లెక్కలోనే పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం లేదంటే, ఆ లోటు ఈ ఏడాది గైర్హాజరుది కాదు, రెండో తరగతి నుంచి మోసుకొస్తున్నది. ఏ లోటు ఎప్పటిదో తెలియాలంటే, తప్పిన లెక్కకు కింది తరగతి రూపం ఇచ్చి చూడాలి. అదీ తప్పితే పాతది, అది సరిగా చేస్తే కొత్తది.

ఈ తేడా వ్యాఖ్యలో కనబడితేనే అది న్యాయమైన వ్యాఖ్య. పట్టీలో ఖాళీలున్న పిల్ల మీద పాత అప్పులన్నీ వేసేయడం చాలా సులువు, అలాంటి పిల్లల తరఫున అడిగేవారు కూడా తక్కువ.

మొదటి ఫార్మేటివ్ పరీక్ష పాప రాయలేదన్నావు. అక్కడ సున్నా వేయకు. సున్నా అంటే రాసి ఒక్కటీ తెచ్చుకోలేదని అర్థం. దాన్ని రెండో పరీక్షతో కలిపి సగటు తీస్తే వచ్చేది పాప చదువు కొలత కాదు. "రాయలేదు" అని రాసి, రెండో పరీక్షకు వచ్చిన గ్రేడును వచ్చినట్టే ఉంచు.

ఇక కోలుకోవడానికి కావలసినది. ఇక్కడే చాలామంది "శ్రద్ధ పెట్టాలి", "ఇంటి దగ్గర చదివించాలి" అని ముగిస్తారు. తల్లి సాయంత్రం చేను నుంచి వచ్చేసరికి దీపాల వేళ అవుతుంది, అప్పు తీసివేత నేర్పడం ఆమె పని కాదు. నేర్పవలసింది నువ్వు, కనుక ఎంత నేర్పాలో ముందు నువ్వు లెక్క వేసుకోవాలి. రెండంకెల గుణకారానికి రోజుకు 20 నిమిషాల చొప్పున 6 రోజులు సరిపోవచ్చు. తీసివేతకు అంతకు రెట్టింపు, 12 రోజులు పెట్టుకో. కొబ్బరి ఈనెపుల్లలు పదేసి కట్టలు కట్టి, 52కు ఐదు కట్టలు, రెండు పుల్లలు ముందు పెట్టి, 27 పుల్లలు ఇమ్మను. ఏడు పుల్లలు ఇవ్వడానికి తన దగ్గర రెండే ఉన్నప్పుడు తనంతట తాను కట్ట విప్పే దాకా నువ్వు నోరు విప్పకు. కాగితం మీద అప్పు గీత గీయించడం ఆ తరువాతే. సున్నాలున్న 4003 లాంటివి చిట్టచివర.

ఒక్క జాగ్రత్త. "మూడు వారాల్లో నేర్పుతాము" అని రాయకు, "పాప వచ్చిన 18 రోజుల్లో" అని రాయి. ఎక్కువ రోజులు రాని పిల్ల విషయంలో క్యాలెండర్ గడువు మొదటి వారంలోనే తప్పిపోతుంది, తప్పిన గడువు మళ్ళీ పిల్ల ఖాతాలోనే పడుతుంది. హాజరైన రోజులతో లెక్కపెడితే ప్రణాళిక ఆగుతుంది కానీ చెడదు, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి సాగుతుంది. వారానికి రెండు రోజులే వస్తే మాత్రం ఇదీ పనిచేయదు. ముందురోజు నేర్చినది నిలవదు. అప్పుడు సమస్య కార్డులో తేలదు, నువ్వు కాజ్‌వే దాటి వాళ్ళ ఇంటికి వెళ్ళవలసిందే.

నేనైతే ఇలా రాస్తాను. నీ మాటల్లోకి మార్చుకో:

"జూన్ నుంచి దసరా సెలవుల వరకు బడి 86 రోజులు జరిగింది, పాప 49 రోజులు వచ్చింది. తెలుగులో కొత్త పాఠాన్ని తడబడకుండా చదివి, కథను సొంత మాటల్లో చెబుతోంది. రాసేటప్పుడు కొన్ని వత్తులు వదిలేస్తోంది. లెక్కల్లో కూడికలు, ఒక అంకెతో గుణకారం సరిగా చేస్తోంది. రెండంకెల సంఖ్యతో గుణకారం చెప్పినప్పుడు పాప బడిలో లేదు, అది ఇంకా నేర్చుకోవాలి. అప్పు తెచ్చుకుని చేసే తీసివేత కింది తరగతుల నుంచే రావడం లేదు. ఈ రెండింటినీ పాప వచ్చిన 18 రోజుల్లో, రోజుకు 20 నిమిషాలు బడిలోనే విడిగా నేర్పుతాము. ఆ రోజులు వరుసగా ఉంటే త్వరగా వస్తుంది, అందుకని ఒకటి రెండు రోజుల మానివేతలు తగ్గించమని కోరుతున్నాము. రెండు రోజులకు మించి రాలేకపోతే నోటు పుస్తకం ఎవరితోనైనా పంపండి, చేయవలసినవి రాసి ఇస్తాము. 18 రోజులు పూర్తవగానే పరీక్షించి ఫలితం చెబుతాము."

ఇందులో "కానీ" ఒక్కచోట కూడా లేదు, గమనించు. వచ్చినదాన్ని చెప్పి వెంటనే "కానీ" అంటే, విన్న తల్లికి మొదటి సగం చెరిగిపోతుంది.

కార్డులో గడి చిన్నది, ఇదంతా పట్టదంటావు. గడిలో హాజరు, వచ్చినవి, రానివి రాసి, ప్రణాళికను విడి కాగితం మీద రాసి కుట్టు. తల్లి సంతకానికి వచ్చినప్పుడు కార్డు చేతికిచ్చి పంపేయకుండా, పాపను కూడా పక్కన నిలబెట్టి మొత్తం చదివి వినిపించు. 18 గళ్ళు గీసిన ఒక చీటీ పాప నోటు పుస్తకం అట్టకు లోపల అంటించి, విడి పాఠం జరిగిన ప్రతిరోజూ ఒక గడిలో తేదీ వేయి. దసరా తరువాత మొదటి నాలుగైదు గళ్ళు నిండగానే 52లో నుంచి 27 మళ్ళీ అడిగి, ఏం రాసిందో ఆ కాగితం నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు