ఓటీపీ చెప్పకండి, అది ఫీజు కాదు, అప్పు

"మాది మిర్యాలగూడ. మా ఆయన రైస్ మిల్లులో పనిచేస్తారు. సీజనులో నెలకు 22 వేలు, పని తగ్గిన నెలల్లో 14 వేలు వస్తాయి. ఇంటి ఖర్చు 16 వేలు. చేతిలో 11 వేలున్నాయి. నేను తెలుగు మీడియంలో ఇంటర్ చదివాను. పిల్లల బడిలో టీచర్లతో ఇంగ్లిష్‌లో మాట్లాడాలని కోరిక. ఇక్కడి కోచింగ్ సెంటర్‌లో ఒకేసారి కడితే 15 వేలు, లేదంటే నెలకు 2 వేల చొప్పున 9 నెలలు. వడ్డీ లేదన్నారు. యాప్ అయితే ఏడాదికి 2,400. వాయిదాల కోసమని సెంటర్‌లో ఆధార్, పాన్ ఇచ్చాను, ఓటీపీ అడుగుతున్నారు. ఏది మేలు?"

ముందు ఆ ఓటీపీ చెప్పకండి. ఇలా ఫీజు అనుకుని అప్పులో కాలు పెట్టినవారు నా దగ్గరికి తరచూ వస్తుంటారు, అందుకే మీకు జవాబు రాస్తున్నాను.

15 వేలకు 18 వేలు కట్టించుకుంటూ వడ్డీ లేదనడం ఏమిటి? అసలు నెలనెలా తీరిపోతుంటుంది కాబట్టి, లెక్కవేస్తే నూటికి నెలకు దాదాపు 3 రూపాయల 80 పైసలు పడుతుంది. రెండు రూపాయల వడ్డీకి తెస్తేనే మన ఇళ్లలో గొడవ అవుతుంది. పైగా ఇలాంటి ఏర్పాటులో ఫైనాన్స్ కంపెనీ మీ పేరున అప్పు రాసి, సెంటర్‌కు డబ్బు ముందే ఇచ్చేస్తుంది. ఓటీపీ చెప్పడమంటే ఆ అప్పుకు ఒప్పుకోవడమే. మూడో నెలలో మీరు మానేసినా, సెంటరే మూతపడినా, అప్పు మీ పేరునే ఉంటుంది. ఖాతాలో డబ్బు లేక వాయిదా తప్పితే బ్యాంకు ఒక చార్జీ, కంపెనీ ఇంకో చార్జీ వేస్తాయి.

పని తగ్గిన నెలలో మీకు ఇప్పటికే 2 వేలు లోటు. వాయిదా కలిస్తే 4 వేలు. అలాంటి నెలలు వరుసగా మూడు వస్తే 12 వేలు కావాలి, మీ దగ్గరున్నది 11 వేలు. ఆ మధ్యలో ఒక్క జ్వరం వస్తే చాలు, మళ్లీ అప్పే. కాబట్టి ఆ 11 వేలు చదువుకోసం ముట్టుకోవద్దు. సీజనులో మిగిలే 6 వేలలో 5 వేలు విడి ఖాతాలో వేయండి, మూడు నెలల ఖర్చు 48 వేలు అయ్యేవరకు ఆపకండి. మిగిలిన వెయ్యి మీ ఇంగ్లిష్‌ది.

ఆ వెయ్యికి నెలవారీ ఫీజు తీసుకునే చిన్న క్లాసు వెతకండి. చేరేముందు ఒక రోజు గడియారం పెట్టుకుని కూర్చోండి. గంట క్లాసులో టీచరే 40 నిమిషాలు మాట్లాడితే, 30 మంది ఉన్నచోట మీ వంతుకు నిమిషం కూడా రాదు. దానికంటే ఫోనే నయం. పదిమంది ఉన్నచోట రెండు నిమిషాలైనా నోరు తెరుస్తారు, తప్పు దిద్దేవారూ ఎదురుగా ఉంటారు. యాప్ వినడానికి, ఉచ్చారణకు పనికొస్తుంది. ఉచితంగా ఇచ్చే పాఠాలతో నెల రోజులు చూడండి. రూపాయి ట్రయల్ నొక్కితే మాత్రం ఆటోపే మొదలవుతుంది. యాప్ తీసేసినా అది ఆగదు, యూపీఐలోని ఆటోపే విభాగంలో రద్దు చేయాలి.

ఒకవేళ ఈపాటికే ఓటీపీ చెప్పి ఉంటే ఈ రోజే రుణం రద్దు అడగండి. డిజిటల్ రుణాలకు కనీసం ఒక రోజు వెనక్కి తగ్గే గడువు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. చెప్పకపోయినా ఆధార్, పాన్ నకళ్లు తిరిగి తీసుకోండి. నెల తర్వాత క్రెడిట్ రిపోర్టు తీసి చూడండి, ఏడాదికి ఒకసారి ఉచితంగానే వస్తుంది. అందులో మీకు తెలియని రుణం కనిపిస్తే వెంటనే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.