మొదటి ఏడాది నిండిన రోజు తొలి ఉద్యోగులకు చెప్పిన నాలుగు నిమిషాల మాట

ప్రశ్న: కర్నూలులో మా చిన్న యూనిట్ పెట్టి వచ్చే నెలకు ఏడాది నిండుతుంది. మొదటి నుంచి ఉన్నవాళ్లకు, వాళ్ల ఇంట్లోవాళ్ల ముందు థ్యాంక్స్ చెప్పాలనుకుంటున్నాను. ఐదు నిమిషాలు దాటకూడదు. ఏం మాట్లాడాలి? ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది.

జవాబు:

మాది అనంతపురంలో చెక్క గానుగ. శనగనూనె తీసి ఇళ్లకూ, కొన్ని అంగళ్లకూ వేస్తాం. మొదటి ఏడాది నిండినప్పుడు నేనూ ఇలాగే మాట్లాడాను. ఆ రోజు చేతిలో పట్టుకున్న కాగితం ఇంకా దాచుకున్నాను, కింద మొత్తం ఇస్తాను. దానికంటే ముందు ఆ కాగితం ఎలా తయారైందో చెప్తే మీకు ఎక్కువ పనికొస్తుంది.

రాయడానికి కూర్చునే ముందు హాజరు పుస్తకం, సరుకు కొన్న బిల్లులు, మా వాట్సాప్ గ్రూపు ముందేసుకున్నాను. గ్రూపులో పాత ఫోటోలు వెనక్కి జరుపుతూ పోతే ఏ నెలలో ఏం జరిగిందో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఒక్కో మనిషికి ఒక్క సంఘటన చాలు. ఆ సంఘటనలో ఆ మనిషి సొంతంగా తీసుకున్న నిర్ణయం ఉండాలి. దానివల్ల ఈరోజుకీ మన దగ్గర నడుస్తున్న పద్ధతి ఏదైనా ఉంటే అది తప్పకుండా చెప్పాలి. "నీ వల్ల ఇది ఇలా జరుగుతోంది" అని అందరి ముందు వినడం కంటే ఆ మనిషికి ఇంకేం కావాలి?

ఉదాహరణకు గింజలు ఏరే అక్క గురించి నేను మొదట రాసుకున్న వాక్యం "అక్క ఎంతో ఓపికతో, నిజాయితీతో పని చేస్తుంది" అని. అక్క పేరు తీసి అక్కడ ఇంకొకరి పేరు పెట్టి చదివాను. అదీ సరిపోయింది. అంటే ఆ వాక్యం ఎవరికీ చెందదు. కొట్టేశాను. తర్వాత బిల్లుల పుస్తకం తిరగేస్తుంటే ఒక తేదీ నుంచి ప్రతి బిల్లులోనూ "ఏరివేత" అని కొత్త గడి కనిపించింది. ఆ గడి ఎందుకు వచ్చిందో గుర్తు తెచ్చుకుంటే అక్క కథ మొత్తం దొరికింది. మీరు రాసిన ప్రతి వాక్యాన్నీ ఇలా పేరు మార్చి చదివి చూడండి. మీ కాగితంలో సగం పోతుంది, పోనివ్వండి.

కొందరి విషయంలో ఏ సంఘటనా దొరకదు. వాచ్‌మన్, ఊడ్చే అమ్మ లాంటి వాళ్లు పని సరిగ్గా చేస్తారు కాబట్టే చెప్పుకోవడానికి ఏమీ జరిగి ఉండదు. అప్పుడు పక్కన పనిచేసేవాళ్లను అడగండి: "ఈయన సెలవు పెట్టిన రోజు ఏం ఆగుతుంది?" మీకు తెలియని సంగతులు అప్పుడు బయటికొస్తాయి.

రాసింది ఎవరి గురించో వాళ్లకు ముందే చూపించి, "ఇది అందరి ముందు చెప్పొచ్చా?" అని అడగండి. మా అక్క తన భర్త జబ్బు సంగతి చెప్పొద్దంది. ఆ కష్టంలో కూడా పనికి వచ్చిందని చెప్పాలని నాకు బలంగా ఉండింది. అయినా తీసేశాను. ఇంటి కష్టం, జీతం మీద తీసుకున్న అడ్వాన్సు, మానేద్దామనుకుని మళ్లీ ఆగిన సంగతి, ఇవి మెచ్చుకోలుగా చెప్పినా విన్నవాళ్ల నోళ్లలో ఇంకోలా తిరుగుతాయి.

డబ్బు సంగతి కూడా ముందే తేల్చుకోండి. ఎవరికైనా జీతం, ఓవర్‌టైం బాకీ ఉంటే మాట్లాడే రోజుకు ముందే ఇచ్చేయండి. రావాల్సిన డబ్బు రాని మనిషికి "మీ రుణం తీర్చుకోలేను" అన్న మాట చెవికి ఎక్కదు. బహుమతిగా ఏదైనా ఇవ్వాలనుకుంటే కవర్లో పెట్టి విడిగా చేతికివ్వండి, మైకులో మొత్తం చదవొద్దు. వచ్చే ఏడాది జీతం పెంచుతానని ఆ ఊపులో అనేయకండి. ఎంత, ఏ నెల నుంచి అన్నది ఖాయమై ఉంటే మరుసటి రోజు కూర్చోబెట్టి చెప్పండి.

ఇదీ నా కాగితం. పేర్లు తీసేసి, మా దగ్గర పిలుచుకునేట్టు ఊరి పేర్లు ఉంచాను.

"అందరికీ నమస్కారం. భోజనాలు సిద్ధంగా ఉన్నాయి, పిల్లలు ఆకలితో ఉన్నారు. నాలుగు నిమిషాల్లో ముగిస్తాను. పనిలో చేరిన వరుసలోనే ఒక్కొక్కరి గురించి చెప్తాను, ఇందులో ఎక్కువ తక్కువ లేదు.

నార్పల అన్న. కార్తీక మాసంలో కొత్త పంట లోడు దిగింది. ఆర్డర్లు చేతిలో ఉన్నాయి, ఖాళీ డబ్బాలు వరుసగా పెట్టుకున్నాం. అన్న నాలుగు గింజలు పంటి కింద వేసుకుని, 'ఇంకా పచ్చి ఆరలేదు, ఇప్పుడు ఆడిస్తే నురగ వస్తుంది, నూనె తేటపడదు' అని గానుగ ఆపేశాడు. కాయలన్నీ మిద్దె మీద ఎండబోశాడు. ఆర్డర్లు ఇచ్చినవాళ్లను నేను ఆగమన్నాను. ఆ లోడు నూనె మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. ఇప్పటికీ అన్న నమిలి చూసి సరే అంటేనే మన గానుగ తిరుగుతుంది. అన్నా, థ్యాంక్స్.

కూడేరు అక్క. ఏరి తీసేసిన నల్ల గింజలు, బూజు గింజలు పారేయకుండా వారమంతా ఒక బేసిన్‌లో పోగేసింది. శనివారం తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, 'వీటికి కూడా మంచి గింజల రేటే కట్టినావు నాయనా' అంది. అప్పటి నుంచి బస్తాకు ఎంత ఏరివేత పోయిందో తూకం వేసి బిల్లులో తగ్గిస్తున్నాం. మన బిల్లు పుస్తకంలో ఆ గడి అక్క పెట్టించింది. అక్కా, థ్యాంక్స్.

రాప్తాడు తమ్ముడు. ఎండాకాలంలో ఒక డబ్బా మూత దగ్గర కారి ఒకరింటి గడపంతా నూనె అయింది. తమ్ముడు సబ్బునీళ్లతో కడిగి, ఇంకో డబ్బా ఇచ్చి వచ్చాడు. అంతటితో వదల్లేదు, మూత లోపలి వాషరు సరిగ్గా కూర్చోలేదని కనిపెట్టాడు. ఇప్పుడు ప్రతి డబ్బానూ రాత్రంతా పాత పేపరు మీద బోర్లిస్తాడు. పొద్దున పేపరు మీద మరక ఉంటే ఆ డబ్బా గేటు దాటదు. తమ్ముడూ, థ్యాంక్స్.

శింగనమల చెల్లెలు. లెక్కలు రాయడానికి వచ్చింది. ఒకసారి కొని మళ్లీ అడగని వాళ్ల పేర్లు విడిగా రాసుకుని, ఎవరూ చెప్పకుండానే ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. చాలామందికి నూనె నచ్చింది, ఐదు లీటర్ల డబ్బా ఒక్కసారే కొనడం బరువైందన్నారు. మన లీటరు సీసా అలా పుట్టింది. తల్లీ, థ్యాంక్స్.

ఇక్కడ లేని ఒకరిని కూడా తలుచుకోవాలి. గుత్తి తమ్ముడు బెంగళూరులో మంచి పని దొరికి వెళ్లాడు. గానుగ కింద దిమ్మె లెవెల్ లేదని పట్టుబట్టి మళ్లీ పోయించింది అతనే. ఈరోజు గానుగ ఊగకుండా తిరుగుతోందంటే అది అతని పని.

చివరగా ఇళ్లలో ఉన్నవాళ్లకు. సంక్రాంతి ముందు వారం వీళ్లు రాత్రి తొమ్మిది దాటితే గానీ ఇల్లు చేరలేదు. ఆ వారం పిల్లలకు అన్నం పెట్టింది, పెద్దవాళ్లను చూసుకుంది మీరు. వీళ్ల ఓవర్‌టైం నేను కట్టాను, మీరు చేసిన ఆ పనికి కట్టలేదు. మీకు నా నమస్కారం. రండి, భోంచేద్దాం."

నిదానంగా చదివితే నాలుగు నిమిషాలు పడుతుంది. ఒక్కొక్కరి వంతు వచ్చినప్పుడు కాగితం దించి వాళ్లవైపు చూసి చెప్పండి. కాగితం చేతిలో ఉండటం తప్పేమీ కాదు, రాసుకొచ్చారంటే శ్రద్ధ పెట్టారనే అనుకుంటారు. మనం ఇంట్లో మాట్లాడే మాటలే వాడండి. సభల్లో వినిపించే "అహర్నిశలు", "అవిరళ కృషి" లాంటివి గానుగ దగ్గర నిలబడి అంటే నాకే కొత్తగా ఉండేది.

చేరిన వరుసలో చెప్తున్నానని పైకి అనడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, మొదట ఎవరు, చివర ఎవరు అన్న లెక్కలు అక్కడే ఆగిపోతాయి. వెళ్లిపోయినవాళ్లను తలుచుకోవడం కూడా అంతే ముఖ్యమని నా నమ్మకం. ఉన్నవాళ్లు దాన్ని జాగ్రత్తగా వింటారు, రేపు తాము వెళ్లినా తాము చేసింది మనకు గుర్తుంటుందని వాళ్లకు అర్థమవుతుంది. గొడవపడి వెళ్లిన మనిషైతే, చేసిన పని నిజమైతే ఆ పని ఒక్కటే చెప్పి ఆపేయండి.

ఈ పద్ధతి పది పన్నెండు మంది వరకే కుదురుతుంది. మీ దగ్గర అంతకంటే ఎక్కువమంది ఉంటే మొదటి మూడు నెలల్లో చేరినవాళ్లకు ఇలా చెప్పి, తర్వాత చేరినవాళ్లు ఎవరి దగ్గర పని నేర్చుకున్నారో ఆ మనిషి మాటలోనే వాళ్లనూ కలపండి. ఒకరిని వదిలేస్తే తెలిసిపోతుంది కాబట్టి హాజరు పుస్తకం పక్కన పెట్టుకుని పేర్లు సరిచూసుకోండి.

ఊరి పెద్దనో, నాయకుడినో పిలిచి ఉంటే మీ మాట ముందు పెట్టుకుని, ఆయన్ని భోజనాల తర్వాత మాట్లాడమని ముందే విన్నవించుకోండి. పెద్దవాళ్ల ప్రసంగాలు అయ్యేసరికి పిల్లలు ఏడుపు అందుకుంటారు, ఆడవాళ్లు వాళ్లను తీసుకుని బయటికి వెళ్తారు. అప్పుడు మీరు ఎవరి కోసం రాసుకున్నారో వాళ్లే అక్కడ ఉండరు.

మీ మాట అయ్యాక "నువ్వూ రెండు ముక్కలు మాట్లాడు" అని ఎవరికీ మైకు ఇవ్వకండి. మా నార్పల అన్న అందరిలో నోరు విప్పడు. ఆ రోజు ఆకుల దగ్గర కూర్చున్నాక వాళ్లమ్మ ఆయన్ని అడిగింది, "నమిలి చూస్తే తెలిసిపోతుందా?" అని. ఆయన అన్నం కలుపుకుంటూనే ఆమెకు పచ్చి గింజ ఎలా ఉంటుందో, ఆరిన గింజ ఎలా విరుగుతుందో చాలాసేపు చెప్పాడు.