ఇంటర్ తర్వాత మర్చంట్ నేవీ: ఫీజు కంటే ముందు స్పాన్సర్‌షిప్ లెటర్

ప్రశ్న: మా బాబు ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు, మర్చంట్ నేవీ అంటున్నాడు. ఒక ఏజెంటు పన్నెండు లక్షలు కడితే కోర్సు, ఓడలో ఉద్యోగం రెండూ గ్యారంటీ అంటున్నాడు. కట్టొచ్చా? పైలట్, లాజిస్టిక్స్ మేలా? తర్వాత ఒడ్డున ఉద్యోగం దొరుకుతుందా?

కట్టకండి. ఓడ ఉద్యోగం ఇప్పిస్తామని కుర్రాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడమే చట్టవిరుద్ధం. ఓడలకు మనుషుల్ని పంపాలంటే నౌకాయానాన్ని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ అనే నియామక లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు ఉన్న కంపెనీ తన ఖర్చు ఓడ యజమాని దగ్గర రాబట్టుకుంటుంది, మీ దగ్గర కాదు. డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో ఆ కంపెనీల జాబితా ఉంటుంది, మీ ఏజెంటు చెప్పిన పేరు అందులో ఉందో లేదో చూడండి.

నేను ఓడ నడిపే డెక్ సైడ్‌లో, కెప్టెన్ తర్వాతి స్థానమైన చీఫ్ ఆఫీసర్ దాకా చేసి, ఇప్పుడు విశాఖలో కార్గో సర్వేయర్‌గా ఉన్నాను. ఇలాంటి ఏజెంట్ల చేతిలో పడ్డ పిల్లల్ని చూశాను. పది పదిహేను రోజుల సేఫ్టీ కోర్సులు చేయించి, ఏదో విదేశీ సీడీసీ, అంటే నావికుడి గుర్తింపు పుస్తకం, చేతిలో పెట్టి, టూరిస్ట్ వీసా మీద గల్ఫ్‌కి పంపేస్తారు. అక్కడ చిన్న ఓడలో పని దొరికినా క్యాడెట్ ట్రైనింగ్ రికార్డు ఉండదు. అలాంటి సర్వీసు ఇక్కడ ఆఫీసర్ పరీక్షకి పనికిరాదు. డబ్బూ పోతుంది, ఏడాదీ పోతుంది.

సరైన దారి ఇదీ. మొదట డీజీ షిప్పింగ్ గుర్తింపు ఉన్న డాక్టరు దగ్గర మెడికల్ చేయించండి. డెక్ వైపు వెళ్లాలంటే అద్దాలు లేకుండానే దూరపు చూపు బాగుండాలి, రంగులు గుర్తించడంలో తేడా ఉండకూడదు. ఇది తెలియక ముందే ఫీజు కట్టేసిన వాళ్లున్నారు. మామూలు అద్దాలుంటే ఇంజిన్ వైపు దారి ఉంటుంది. తర్వాత మెరైన్ కోర్సుల ప్రవేశ పరీక్ష ఐఎంయూ-సెట్ రాయాలి. దానికి ఎంపీసీలో సగటున 60 శాతం, ఇంగ్లిష్‌లో 50 శాతం మార్కులుండాలి.

అసలు చూడాల్సింది మూడోది. డెక్ ఆఫీసర్ కావడానికి చేసే ఏడాది డీఎన్ఎస్ డిప్లొమా కోర్సులో చేరేముందే ఓ షిప్పింగ్ కంపెనీ ఇచ్చే స్పాన్సర్‌షిప్ లెటర్ సంపాదించండి. కంపెనీలు సొంతంగా పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి తీసుకుంటాయి. కోర్సయ్యాక క్యాడెట్‌గా తీసుకుంటామన్న మాట అందులో ఉంటుంది. నాతో చదివినవాళ్లలో లెటర్ ఉన్నవాళ్లు కోర్సయిన కొద్ది నెలలకే ఓడెక్కారు. లేనివాళ్లు ముంబైలో గదులు అద్దెకు తీసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు, ఇంటి దగ్గర బ్యాంకు వడ్డీ పెరుగుతూనే ఉండేది. ఫీజులు తక్కువా ఎక్కువా అన్నదానికంటే ఈ ఖాళీ కాలమే ఎక్కువ కుటుంబాలను దెబ్బతీస్తుంది. లెటర్ రాకపోతే ఈ ఏడాది ఆగి మళ్లీ ప్రయత్నించమనే అంటాను.

డీఎన్ఎస్ తర్వాత క్యాడెట్‌గా సముద్రం మీద 18 నెలలు పూర్తిచేయాలి. అప్పుడొచ్చేది స్టైపెండ్ మాత్రమే. ఆపైన ఒడ్డున కొన్ని నెలల కోర్సులు, థర్డ్ ఆఫీసర్‌గా చేరడానికి కావాల్సిన సెకండ్ మేట్ సర్టిఫికెట్ రాతపరీక్ష, ఓరల్స్. వీటికీ సొంత డబ్బే పెట్టాలి. మధ్యలో ఎదురుచూపులు కలుపుకుంటే థర్డ్ ఆఫీసర్ జీతం చూసేసరికి నాలుగేళ్లవుతాయి. బ్యాంకు లోను వాయిదాలు ఎప్పుడు మొదలవుతాయో దీనికి సరిచూసుకుని సంతకం పెట్టండి.

దూరం సంగతి కూడా బాబుకి ముందే చెప్పాలి. క్యాడెట్ కాంట్రాక్టు ఆరు నెలల నుంచి తొమ్మిది నెలల దాకా ఉంటుంది. మన బదులు ఎక్కాల్సిన రిలీవర్ రాకపోతే ఇంకా పొడిగిస్తారు. మా చెల్లి పెళ్లికి నేను లేను, ఆ వెలితి ఇప్పటికీ ఉంది. ఇప్పుడు చాలా ఓడల్లో ఇంటర్నెట్ ఉంది కాబట్టి వీడియో కాల్ చేయొచ్చు. కానీ ఇంట్లో ఎవరికైనా బాగోలేదని తెలిసినా నడిసముద్రంలోంచి రాలేరు.

ఒడ్డు ఉద్యోగం దొరుకుతుంది, అయితే ఏ సర్టిఫికెట్‌తో దిగాడన్నదాన్ని బట్టి ఉంటుంది. సెకండ్ మేట్‌తోనే దిగేస్తే షిప్పింగ్ ఏజెన్సీలోనో ఆపరేషన్స్‌లోనో జూనియర్‌గా మొదలుపెట్టాలి, జీతం బాగా పడిపోతుంది. చీఫ్ ఆఫీసర్ పనికి కావాల్సిన చీఫ్ మేట్ సర్టిఫికెట్ వచ్చాక సర్వేయింగ్ తలుపు తెరుచుకుంటుంది. నా పనే చూడండి. బొగ్గు ఓడ వస్తే ముందు, మధ్య, వెనుక రెండు వైపులా ఓడ ఎంత లోతు మునిగిందో చూపే డ్రాఫ్ట్ మార్కులు చదివి, రేవు నీటి సాంద్రత హైడ్రోమీటర్‌తో కొలిచి, ఓడ మొత్తం బరువు లెక్కకడతాం. సరుకు దించాక మళ్లీ అదే లెక్క వేస్తాం. రెండుసార్లూ ఓడ నిలకడకు నింపే బ్యాలస్ట్ నీళ్లు, ఇంధనం, మంచినీళ్లు తీసేస్తే, తేడాయే సరుకు. ఓడ తరఫున చీఫ్ ఆఫీసర్ చేసే లెక్క కూడా ఇదే, అందుకే ఆ అనుభవానికి విలువ. పోర్టు పైలట్, మెరైన్ సూపరింటెండెంట్ లాంటి పెద్ద పోస్టులకు మామూలుగా కెప్టెన్ కావడానికి కావాల్సిన మాస్టర్ సర్టిఫికెట్ అడుగుతారు. దానికి పదేళ్లు అటూ ఇటూగా పడుతుంది. కాబట్టి పెళ్లి కాగానే దిగిపోవాలనుకుంటే, కనీసం చీఫ్ మేట్ అయ్యేదాకా ఆగమనండి.

విమానం పైలట్‌ సంగతి వేరు. కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి, ఖర్చు అరకోటి పైమాటే, ఆపైన ఫలానా రకం విమానం నడపడానికి టైప్ రేటింగ్ శిక్షణ. చదువుతున్నంతకాలం స్టైపెండ్ ఉండదు. అప్పు చేసి మాత్రం వద్దు.

బాబుకి ఇంటికి దూరంగా ఉండటం ఇష్టం లేకపోతే లాజిస్టిక్స్ మంచిదే. డిగ్రీ చేస్తూ కస్టమ్స్ బ్రోకర్ దగ్గరో సరుకు రవాణా ఏర్పాట్లు చేసే ఫ్రైట్ ఫార్వర్డర్ దగ్గరో పనిలో చేరొచ్చు. మొదటి జీతం తక్కువ, పెట్టుబడీ తక్కువే. పని వంటబట్టాక కస్టమ్స్ పెట్టే పరీక్ష పాసై ఎఫ్ కార్డు తెచ్చుకుంటే, సొంతంగా బ్రోకర్ లైసెన్సుకి దరఖాస్తు చేసుకోవచ్చు.