తరుగు తీశాక మళ్లీ దూది శాతం: మిల్లు లెక్క చెల్లుతుందా?

ప్రశ్న: పత్తి 2000 కిలోలు తూగింది. దూది ఎంత వస్తే అంతకు డబ్బు అని ఒప్పందం. మిల్లువాళ్లు చెత్త కింద 3 శాతం తరుగు తీసి 1940 కిలోలు అన్నారు, దానిమీద 33 శాతం చొప్పున 640 కిలోల దూదికే డబ్బిచ్చారు. మిగతాది అడగొచ్చా?

జవాబు: అడగొచ్చు, కానీ ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. ఆ 33 శాతం ఏ శాంపిల్ మీద కట్టారు? చెత్త ఏరకుండా కుప్పలోంచి తీసిన పత్తినే జిన్ను ఆడించి ఉంటే, చెత్త బరువు ఆ శాతంలో ఇదివరకే పోయింది. అలాంటప్పుడు మళ్లీ తరుగు తీయడమంటే ఒకే చెత్తకు రెండుసార్లు కోత పెట్టడమే. అసలు లెక్క 2000 మీద 33 శాతం, అంటే 660 కిలోలు. మీకు 20 కిలోల దూది డబ్బు తగ్గినట్టు.

చెత్త ఏరాకే శాంపిల్ ఆడించామని మిల్లువాళ్లు అంటే మాత్రం 1940 మీద కట్టడం సరైనదే, మీకు రావలసిందేమీ లేదు. అందుకే శాంపిల్ చీటీ అడగండి. కిలో పత్తి ఆడిస్తే దూది 330 గ్రాములు, గింజలు 635, చెత్త 30 అని రాసి ఉంటే (మిగతా కాస్త దుమ్ముగా, తేమగా పోతుంది) ఆ చెత్త శాంపిల్‌లోనే ఉందని వాళ్ల కాగితమే చెబుతోంది. దూది అంకె ఒక్కటే రాసి గింజల బరువు రాయలేదంటే, చెత్త శాంపిల్‌లో ఉందో లేదో ఆ కాగితం తేల్చలేదు. అప్పుడు శాంపిల్ తీసేటప్పుడు పక్కనున్నవాళ్ల సాక్ష్యమే ఆధారం.

చట్టం విషయానికొస్తే, 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని సెక్షన్ 9 ప్రకారం ధరను ఎలా కట్టాలో ఇద్దరూ ఒప్పుకోవచ్చు, ఒప్పుకున్నాక అదే పద్ధతిలో కట్టాలి. మీ ఒప్పందంలో తరుగు మాట లేకపోతే, 'మా మిల్లులో ఇంతే' అనేది మీకు ముందే తెలిసి ఒప్పుకున్నదని చూపాల్సింది వాళ్లే. అయితే డబ్బు తీసుకునేటప్పుడు 'లెక్క పూర్తిగా ముట్టింది' అన్న కాగితం మీద సంతకం పెట్టారా? పెట్టి ఉంటే పని కష్టమే. అసలు అలాంటి కాగితం ముందు పెడితే 'అభ్యంతరంతో తీసుకున్నాను' అని పక్కన రాసి సంతకం చేయాలి, చాలామంది ఆ తొందరలో రాయరు.

ఇప్పుడైతే కాటా చీటీ, శాంపిల్ చీటీ, బ్యాంకులో డబ్బు పడ్డ వివరం జతచేసి, 20 కిలోల తేడా ఎలా వచ్చిందో నాలుగు వాక్యాల్లో రాసి మిల్లుకు స్పీడ్ పోస్టులో పంపండి. బదులు రాకపోతే దావా వేయొచ్చు, మామూలుగా దానికి గడువు మూడేళ్లు. ఉత్తరం రాసినంత మాత్రాన ఆ గడువు ఆగదు. మొత్తం చిన్నదైతే కోర్టు ఖర్చు కూడా చూసుకుని దిగండి.