సంబంధాల ఫొటో లోపల మా ఇంటి అడ్రస్

ప్రశ్న: ఫొటోలు ఆన్‌లైన్‌లో పంపే ముందు అందులో దాగి ఉండే లొకేషన్, కెమెరా వివరాలు ఎలా తీసేయాలి? అసలు అంత అవసరమా?

అవసరమే. మా అక్క ఇంట్లో జరిగింది చెబుతాను, ఎందుకంటున్నానో మీకే అర్థమవుతుంది.

రెండేళ్ల క్రితం మా మేనకోడలికి సంబంధాలు చూస్తున్నాం. అక్కావాళ్లది గుంటూరు, పిల్ల హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ హాస్టల్లో ఉండేది. సంక్రాంతికి వచ్చినప్పుడు మేడ మీద పట్టుచీరలో నా ఫోన్‌తో రెండు ఫొటోలు తీశాను. మామూలు డ్రెస్‌లో కూడా ఒకటి కావాలన్నారని హాస్టల్ డాబా మీద ఫ్రెండ్ తీసిన ఫొటో ఒకటి తను పంపింది. మూడూ మధ్యవర్తికి వాట్సాప్‌లో పెట్టాను. గంట తిరక్కుండా ఆయన ఫోన్ చేసి, "బాబూ, మసకగా వస్తున్నాయి, డాక్యుమెంట్‌గా పెట్టు, క్లారిటీ పోదు" అన్నారు. పెట్టాను. బయోడేటాలో అడ్రస్ రాయొద్దని బావ ముందే గట్టిగా చెప్పారు కాబట్టి ఊరి పేరు మాత్రమే రాశాం.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి గేటు ముందు కారు ఆగింది. అబ్బాయి తల్లి, మేనమామ దిగారు. పిల్ల ఆ వారం ఇంట్లోనే ఉంది, తలంటుకుని తడి జుట్టుతో వరండాలో కూర్చుంది. బావ కంగారుగా ఎదురెళ్లి, "అడ్రస్ ఎవరిచ్చారండీ?" అని అడిగారు. ఆ మేనమామ ఏమీ దాచకుండా చెప్పాడు: "ఫొటో కిందే మ్యాప్ వచ్చిందండీ. మావాడు వేలితో పైకి జరిపి చూపించాడు. ఇటు పెళ్లికొచ్చాం, ఓసారి చూసి పోదామని ఆగాం." వాళ్లు మర్యాదస్తులే. కాఫీ తాగి వెళ్లిపోయారు. కానీ ఆ రోజంతా అక్కకు టెన్షన్ తగ్గలేదు. అదే ఫైలు మధ్యవర్తి ఎంతమందికి పంపారో ఆయనకే గుర్తులేదు.

రాత్రికి ఆ మూడు ఫైళ్లు తెరిచి చూశాను. మేడ మీది ఫొటోలో అక్షాంశం 16 డిగ్రీల 18 నిమిషాల తర్వాత సెకన్లు రెండు దశాంశాల దాకా ఉన్నాయి. ఒక సెకను అంటే నేల మీద సుమారు 31 మీటర్లు, అందులో పదో వంతు మూడు మీటర్లు. ఫోన్ జీపీఎస్ అంత కచ్చితంగా పట్టుకోలేదు, కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది. అయినా ఏ వీధిలో ఏ ఇల్లో తెలిసిపోవడానికి అది చాలు. నన్ను ఎక్కువ భయపెట్టింది మూడో ఫొటో. అందులో హాస్టల్ ఉన్న చోటు, మంగళవారం తేదీ, సాయంత్రం 7:42 టైమ్, ఫోన్ మోడల్ అన్నీ ఉన్నాయి. ఆడపిల్ల ఎక్కడ ఉంటుందో, ఆఫీసు నుంచి ఏ వేళకు తిరిగొస్తుందో ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతుల్లో పెట్టాం.

అందుకే నా అభిప్రాయం ఇది: అందరూ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ గురించి కంగారు పడతారు గానీ, మన ఇళ్లలో లొకేషన్ బయటపడేది "క్లారిటీ పోతుంది, డాక్యుమెంట్‌గా పెట్టు" అనే మాట వల్లే. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది చిన్నదై మళ్లీ తయారవుతుంది, ఆ క్రమంలో లోపలి వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఒరిజినల్ ఫైలు ఉన్నది ఉన్నట్టు వెళుతుంది. మెయిల్‌కు జతచేసినా, డ్రైవ్ లింక్ ఇచ్చినా అంతే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ చూసేవాళ్లకు ఆ వివరాలు కనిపించకుండా తీసేస్తాయి కానీ, అప్‌లోడ్ చేసిన ఫైలు ముందు ఆ కంపెనీ చేతికే చేరుతుంది కదా. అది వేరే బాధ.

ఇక తీసేయడం సంగతి. ఐఫోన్‌లో ఫొటో ఎంచుకుని షేర్ నొక్కగానే పైన Options అని చిన్నగా కనిపిస్తుంది. అందులో Location ఆఫ్ చేయాలి. అక్కడే All Photos Data అని ఇంకొకటి ఉంటుంది, అది ఆన్ చేయకండి, అన్ని వివరాలూ ఫొటోతో పాటు వెళతాయి. శాంసంగ్ ఫోన్లలో కెమెరా సెట్టింగ్స్‌లో Location tags ఆపేస్తే ఇకముందు తీసే ఫొటోల్లో లొకేషన్ పడదు. పాతవాటిలో ఉన్నది మాత్రం అలాగే ఉంటుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు, ఈ రోజు ఆపేసి పోయినేడాది ఫొటో పంపుతారు.

నేను కంప్యూటర్‌లో exiftool అనే చిన్న ప్రోగ్రామ్ వాడతాను. ఉచితంగా దొరుకుతుంది, ఫైలు మన దగ్గర నుంచి బయటికి పోదు. లొకేషన్ తీసేయడానికి ఏదో ఒక వెబ్‌సైట్‌లో ఫొటో అప్‌లోడ్ చేయమని సలహాలిచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దాచాలనుకున్న ఫైల్నే లొకేషన్‌తో సహా తెలియనివాడికి ఇవ్వడం ఏమిటి? ఫొటో ఉన్న ఫోల్డర్‌లో కమాండ్ విండో తెరిచి, photo.jpg చోట మన ఫైలు పేరు పెట్టి, ఇలా కొట్టాలి:

```
exiftool -all= -tagsfromfile @ -Orientation photo.jpg
```

మొదటి భాగం ఫొటోలో ఉన్న వివరాలన్నీ తుడిచేస్తుంది, లొకేషన్, తేదీ, ఫోన్ మోడల్, లోపల దాగి ఉండే చిన్న నమూనా బొమ్మతో సహా. రెండో భాగం ఎందుకంటే, ఫోన్ నిలువుగా పట్టుకుని తీసిన ఫొటో చాలాసార్లు అడ్డంగానే సేవ్ అవుతుంది, "దీన్ని తిప్పి చూపించు" అనే గుర్తు మాత్రం పక్కన ఉంటుంది. ఆ గుర్తు కూడా పోతే ఫొటో పక్కకు పడుకుని కనిపిస్తుంది. మొదటిసారి నాకు అలాగే అయింది, పెళ్లికూతురు అడ్డంగా ఉందని మధ్యవర్తి ఫోన్ చేశారు. అందుకే ఆ ఒక్క గుర్తును వెనక్కి పెట్టమంటున్నాం.

ఇంకో సంగతి. ఈ కమాండ్ పాత ఫైల్ని photo.jpg_original అనే పేరుతో పక్కనే ఉంచుతుంది. హడావుడిలో ఫోల్డర్ మొత్తం జిప్ చేసి పంపితే అదీ వెళ్లిపోతుంది. పంపే ముందు ఇలా ఒకసారి చూసుకోండి:

```
exiftool -gps:all photo.jpg
```

ఏమీ రాకపోతే లొకేషన్ లేనట్టు. నేనైతే పంపిన ఫైల్ని అక్క ఫోన్‌లో దించుకుని గ్యాలరీలో కూడా తెరిచి, మ్యాప్ రాలేదని చూసుకున్నాకే వదిలాను.

కెమెరా వివరాల సంగతి ఫోన్‌తో తీసేవాళ్లకు పెద్ద విషయం కాదు, మోడల్ పేరు తెలిస్తే కొంప మునగదు. పెద్ద కెమెరాలు వాడేవాళ్లు మాత్రం పట్టించుకోవాలి. చాలా కెమెరాలు బాడీ సీరియల్ నంబర్ని ఫైల్లో రాస్తాయి. మీరు ఒకచోట అసలు పేరుతో, ఇంకోచోట వేరే పేరుతో ఫొటోలు పెడుతుంటే, ఆ నంబర్ పట్టుకుని ఇద్దరూ ఒకరేనని చెప్పేయొచ్చు. పై కమాండ్ దాన్నీ తీసేస్తుంది.

అది తీయలేనిది ఒకటుంది. ఇవన్నీ అయ్యాక మా మేనకోడలు హాస్టల్ ఫొటోని పెద్దది చేసి చూసి, "మామయ్యా, ఇదేంటి?" అని వేలు పెట్టింది. తన భుజం వెనక, రోడ్డుకు అవతల టిఫిన్ సెంటర్ బోర్డు, పేరూ ఫోన్ నంబరూ స్పష్టంగా ఉన్నాయి. ఆ పక్క కత్తిరించి, మళ్లీ తుడిచి, అప్పుడు పంపాం.