స్టాంపింగ్‌కి రెండు వారాల సెలవు చాలదు, మాస్టారూ

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఎమ్మెస్‌కి వెళ్లి, అక్కడ ఉండగానే హెచ్-1బి తెచ్చుకున్నాడు. ఇంటికొచ్చి నాలుగేళ్లయింది. వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్‌లో జూన్ 9న బయోమెట్రిక్స్, 11న ఇంటర్వ్యూ స్లాట్లు దొరికాయి. రెండు వారాల సెలవు చాలని మేం, ఐదు వారాలు అడగాలని వాడు. అంత సెలవు అడిగితే ఉద్యోగానికే ఎసరు రాదా? వాళ్లమ్మకు ఒంట్లో బాగోలేదని చెప్పమన్నాను. లాప్‌టాప్ తెచ్చుకుంటే సెలవే అక్కర్లేదని మా బావమరిది అంటున్నాడు. 20, 21 తేదీల్లో రెండు పెళ్లిచూపులు కూడా అనుకున్నాం. ఇప్పుడు రమ్మనాలా, వచ్చే ఏడాదికి ఆపాలా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీ అబ్బాయి లెక్కే సరైనది. ముందుగా సెలవు అడిగి, కారణం చెప్పి బయల్దేరిన వాళ్ల మీద మేనేజర్లు విసుక్కోవడం చూశాను గానీ, అంతకు మించి పెద్దగా జరగదు. గొడవంతా రెండు వారాలని చెప్పి వచ్చి, పద్నాలుగో రోజున 'పాస్‌పోర్ట్ ఇంకా కాన్సులేట్‌లోనే ఉంది' అని మెయిల్ పెట్టిన వాళ్లకు. అప్పటికి వాళ్ల పని ఎవరికీ అప్పగించి ఉండదు, ప్రాజెక్ట్ గడువు మీద పడుతుంటుంది, మేనేజర్ తన పైవాళ్లకు జవాబు చెప్పుకోలేకపోతాడు.

మీ భయం సంగతి ముందు చూద్దాం. మీ వాడు స్టూడెంట్ వీసా ఎఫ్-1 నుంచి హెచ్-1బికి అమెరికాలోనే మారాడు కాబట్టి, అతని హెచ్-1బి ఆమోదపత్రం ఐ-797 కింద కొత్త ఐ-94 ఉంటుంది. అక్కడ ఉండి పనిచేయడానికి హక్కు ఇచ్చేది ఆ కాగితమే. పాస్‌పోర్ట్‌లో వేసే స్టాంప్ దేశంలోకి మళ్లీ అడుగుపెట్టడానికి మాత్రమే కావాలి. అంటే స్టాంప్ లేనంత మాత్రాన అతని ఉద్యోగానికి గానీ, అక్కడ ఉండటానికి గానీ ఢోకా లేదు. రిస్క్ అనేది అతను విమానం ఎక్కాకే మొదలవుతుంది. కొత్త హెచ్-1బి పిటిషన్ల మీద పెట్టిన లక్ష డాలర్ల ఫీజు గురించి మీ వీధిలో ఎవరో ఒకరు మిమ్మల్ని బెదిరించే ఉంటారు. అమెరికాలో ఉంటూనే హెచ్-1బికి మారిన వాళ్లు, ఆ పిటిషన్ మీదే స్టాంపింగ్‌కి వెళ్లి తిరిగొస్తే ఆ ఫీజు వర్తించదని 2025 అక్టోబర్‌లో అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ స్పష్టం చేసింది. ఆ బెంగ వదిలేయండి.

మరి ఐదు వారాలు ఎందుకు? ఒకప్పుడు రెండు వారాల్లో పని అయిపోయేది, నిజమే. 2025 సెప్టెంబర్ 2 నుంచి హెచ్-1బి వాళ్లకు ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు ఇచ్చి వచ్చే డ్రాప్‌బాక్స్ సదుపాయం పోయింది, రెన్యూవల్ అయినా ఇంటర్వ్యూకి వెళ్లాల్సిందే. అదే నెలలో, సొంత దేశంలో గానీ నివసించే దేశంలో గానీ దరఖాస్తు చేసుకోవాలన్నారు. దాంతో మనవాళ్లు కెనడాకో మెక్సికోకో వెళ్లి స్టాంప్ వేయించుకొచ్చే దారి దాదాపు మూసుకుపోయింది. డిసెంబర్ 15 నుంచి హెచ్-1బి, వాళ్ల కుటుంబ సభ్యుల హెచ్-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియాను కూడా పరిశీలిస్తున్నారు. ఆ తనిఖీ మొదలైనప్పుడు, డిసెంబర్ మధ్యలో ఉన్న స్లాట్లను నెలల తరబడి వెనక్కి జరిపేశారు. అప్పటికే సెలవు మీద ఇండియాకి వచ్చేసిన వాళ్లు ఇక్కడే ఇరుక్కుపోయారు.

కాబట్టి ఆలస్యం రెండు చోట్ల రావచ్చు. ఒకటి, స్లాటే జరిగిపోవడం. రెండోది, ఇంటర్వ్యూ అయ్యాక, వీసా అప్పుడే ఇవ్వకుండా పరిశీలనలో పెట్టామని చెప్పే 221(జి) స్లిప్ చేతిలో పెట్టడం. ఈ రెంటికీ మందు వేరు.

స్లాట్ జరిగే సంగతి విమానం ఎక్కేలోపు తెలిస్తే నష్టం లేదు, అక్కడే ఆగిపోతాడు. అందుకే సెలవును తేదీతో కాకుండా అపాయింట్‌మెంట్‌తో ముడిపెట్టి అడగాలి. 'నా ఇంటర్వ్యూ జూన్ 11న. అది మారితే ప్రయాణమూ సెలవూ దాంతోపాటే మారతాయి' అన్న మాట మొదటి మెయిల్‌లోనే ఉండాలి. బయల్దేరే రోజు పొద్దున కూడా మెయిలూ, స్పామ్ ఫోల్డరూ, అపాయింట్‌మెంట్ సైటూ చూసుకోవాలి. తేదీ మార్చినట్టు మెయిల్ వచ్చాక పాత తేదీకి వెళ్తే కాన్సులేట్ లోపలికే రానివ్వరు. ఆ రోజుకి టికెట్ డబ్బులు పోయినా సరే, విమానం ఎక్కకూడదు.

రెండోదానికి అదనపు రోజుల బఫర్ కావాలి, అదీ ఇంటర్వ్యూ తర్వాతే. మీ వాడి తేదీలతోనే లెక్క వేద్దాం. జూన్ 6 శనివారం డాలస్‌లో ఎక్కితే సోమవారం 8కల్లా హైదరాబాద్‌లో ఉంటాడు. మంగళవారం బయోమెట్రిక్స్, గురువారం నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. అన్నీ సజావుగా సాగి పాస్‌పోర్ట్ వారం పది రోజుల్లో చేతికొస్తే, 27 శనివారం తిరుగు ప్రయాణం, 29న ఆఫీసు. ఇది మొదటి తేదీ. 8 నుంచి 26 దాకా పదిహేను పనిదినాలు. వాళ్ల కంపెనీ జూన్ 19న జూన్‌టీన్త్ సెలవు ఇస్తే పద్నాలుగు. దానికి జీతంతో కూడిన సెలవు వాడుకుంటాడు.

ఆ తర్వాత జూన్ 29 నుంచి జులై 10 దాకా రెండు వారాలు బఫర్. దీన్ని ఇప్పుడే రాతపూర్వకంగా మంజూరు చేయించుకోవాలి. వాడకపోతే రద్దవుతుంది, వాడితే మిగిలిన సెలవు, అదీ అయిపోతే జీతం లేని సెలవు. ఉద్యోగి తనంతట తాను కోరుకున్న సెలవుకి జీతం ఇవ్వకపోయినా హెచ్-1బి వేతన నిబంధన తప్పినట్టు కాదు, కాబట్టి హెచ్‌ఆర్ దీనికి జంకాల్సిన పని లేదు. ఆ రెండు వారాల్లో ఆరోగ్య బీమా కొనసాగుతుందో లేదో మాత్రం అడిగి తెలుసుకోమనండి.

మేనేజర్‌కి కావాల్సింది ఇంకొకటుంది: ఎప్పుడు ఖాయంగా తెలుస్తుంది అని. దానికి కూడా తేదీ ఇవ్వాలి. 'జూన్ 22 సోమవారానికి పాస్‌పోర్ట్ రాకపోతే ఆ రోజే చెబుతాను, బఫర్ మొదలైనట్టు లెక్క. జులై 6కి కూడా రాకపోతే జులై 10 తర్వాత ఏం చేయాలో అప్పుడు మాట్లాడుకుందాం.' ఇలా చెబితే అవతలివాడు మనుషుల్ని సర్దుకోగలడు. ఈ మెయిల్ బయల్దేరడానికి కనీసం ఆరు వారాల ముందు వెళ్లాలి. అదే రోజు హెచ్‌ఆర్‌కీ, కంపెనీ ఇమిగ్రేషన్ లాయర్‌కీ కూడా తెలియజేసి, ఉద్యోగ ధ్రువీకరణ లేఖ అడగాలి. క్లయింట్ దగ్గర పనిచేస్తుంటే క్లయింట్ లేఖ కూడా కావాలి. అది లేక 221(జి) తెచ్చుకున్న వాళ్లు కొల్లలు.

ఆ స్లిప్ వస్తే కంగారు పడకండి. కొన్నిసార్లు కాగితాలు అడుగుతారు, కొన్నిసార్లు ఏమీ అడక్కుండా 'పరిశీలనలో ఉంది' అంటారు. స్టేటస్ సైట్‌లో పాస్‌పోర్ట్ వచ్చేదాకా `Refused` అనే కనిపించవచ్చు. అది చూసి ఇళ్లల్లో వంట మానేసిన వాళ్లున్నారు. 221(జి)లో అది తుది తిరస్కారం కాదు. పరిశీలన పూర్తయి వీసా ఇస్తే `Issued` అని మారుతుంది. ఎన్నాళ్లు పడుతుందో కాన్సులేట్ చెప్పదు. రెండు వారాల బఫర్ చాలా కేసులకు సరిపోతుంది గానీ, అన్నిటికీ సరిపోతుందని మీకు మాటివ్వలేను. ఇక్కడ గడిపిన రోజులు హెచ్-1బి ఆరేళ్ల పరిమితి లెక్కలోంచి తీసేయించుకోవచ్చు. బోర్డింగ్ పాసులు, పాస్‌పోర్ట్‌లో ముద్రలు దాచుకుంటే ఆ రోజులు తర్వాత కలిసొస్తాయి.

ఇప్పుడు మీ బావమరిది గారి సలహా. ఇది ఈమధ్య అందరూ చెప్పేదే, నాకు మాత్రం దీని మీద గట్టి అనుమానాలున్నాయి. లాప్‌టాప్ వెంట ఉంటే సెలవు అక్కర్లేదని అనుకోవడానికి ముందు, ఇండియా నుంచి లాగిన్ అవ్వడానికి ఆ కంపెనీ ఒప్పుకుంటుందా? బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ శాఖల పని చేసే చాలా ప్రాజెక్టుల్లో డేటా అమెరికా దాటకూడదని ఒప్పందాల్లోనే రాసి ఉంటుంది. ఒప్పుకున్న కంపెనీలు కూడా ఏడాదికి ఇన్ని వారాలని పరిమితి పెడతాయి. అనుమతి లేకుండా వీపీఎన్ పెట్టుకుని డాలస్‌లోనే ఉన్నట్టు నటించిన కుర్రాళ్ల ఉద్యోగాలు పోయాయి. సరిగ్గా ఆ సమయంలో ఉద్యోగం పోతే ఏమవుతుందో ఆలోచించారా? వీసా ఆ కంపెనీ పిటిషన్ మీద ఆధారపడింది. కంపెనీ పిటిషన్ వెనక్కి తీసుకుంటే ఇంటర్వ్యూ పాసైనా వెళ్లడానికి ఉద్యోగమే ఉండదు.

అనుమతి ఉన్నా సరే, జూన్‌లో డాలస్‌లో ఉదయం తొమ్మిదంటే మనకు రాత్రి ఏడున్నర. అక్కడ ఐదుకి పని ముగిస్తే ఇక్కడ తెల్లవారుజామున మూడున్నర. నాలుగేళ్ల తర్వాత వచ్చిన కొడుకు మధ్యాహ్నం దాకా పడుకుంటే మీరే బాధపడతారు. బఫర్ రోజుల్లో మాత్రం, రాతపూర్వక అనుమతి ఉంటే, ఇక్కణ్నుంచి పనిచేయడం మంచిదే. జీతం ఆగదు. కాబట్టి మెయిల్‌లో దాన్ని కూడా అడగమనండి, బఫర్ వారాలకు మాత్రమే.

ఒక మాట కటువుగా చెబుతాను, ఏమీ అనుకోకండి. తల్లికి బాగోలేదని చెప్పమన్నారు చూశారూ, ఆ మాట ఒక మాస్టారి నోట రావలసింది కాదు. నైతికం సంగతి పక్కన పెట్టినా, అది అతని మెడకే చుట్టుకుంటుంది. కుటుంబంలో అనారోగ్యమంటే హెచ్‌ఆర్ వేరే రకం సెలవు ఫారాలు పంపుతుంది, డాక్టర్ ధ్రువీకరణ అడుగుతుంది. ఇంకోవైపు అదే హెచ్‌ఆర్ స్టాంపింగ్ కోసం లేఖ ఇవ్వాలి. రెండూ ఒకే టేబుల్ మీదకు వస్తాయి. స్టాంపింగ్ కోసం సెలవు అడగడంలో సిగ్గుపడాల్సింది ఏముంది? హెచ్-1బి మీద మనుషుల్ని పెట్టుకున్న ప్రతి కంపెనీకీ తెలిసిన వ్యవహారమే.

ఇప్పుడా, వచ్చే ఏడాదా అన్నారు. రూల్స్ వచ్చే ఏడాదికి సులువవుతాయని అనుకోవడానికి నాకు ఆధారమేమీ కనిపించడం లేదు. చేతిలో స్లాట్ ఉంది, ఉద్యోగం స్థిరంగా ఉంది. జులై 10 దాకా కంపెనీ రాసిస్తే రమ్మనండి. రాసివ్వకపోతే, లేదా టీమ్‌లో లేఆఫ్‌ల మాట వినిపిస్తుంటే ఆపండి. అప్పుడు 'ఇంకో ఏడాదా' అని ఫోన్‌లో అతన్ని ఏడిపించకండి. కావాలంటే మీరిద్దరే విజిటర్ వీసాకి దరఖాస్తు పెట్టుకోండి.

పెళ్లిచూపులు 20, 21నే ఉంచుకోండి, ఇంటర్వ్యూ అయిపోయాక కాబట్టి ఇబ్బంది లేదు. ఆడపిల్లవాళ్లకు మాత్రం '27న వెళ్లిపోతాడు, ఈలోపే తేల్చండి' అని తొందరపెట్టకండి. స్టాంపింగ్‌కి వచ్చాడని, జులై రెండో వారం దాకా ఉండాల్సి రావచ్చని ఉన్నదున్నట్టు చెప్పండి. తిరుగు టికెట్ తేదీ మార్చుకోవడానికి వీలున్నదే కొనమనండి.