ముప్పై తీసెయ్, సగం చెయ్

చిరంజీవి మేనకోడలికి,

అమెరికా వెళ్తున్నావు కాబట్టి ఫారెన్‌హీట్ గోల ముందే చెప్పేస్తాను. ఫోన్‌లో సెల్సియస్‌కి మార్చుకోవచ్చు, నిజమే. కానీ టీవీలో సూచన, హోటల్ గదిలో ఏసీ మీద అంకె, పక్కవాళ్లు "రేపు అరవైల్లో ఉంటుందట" అనే మాట, ఇవన్నీ ఫారెన్‌హీట్‌లోనే ఉంటాయి. ప్రతిసారీ ఫోన్ తీయకుండా నోటి లెక్కతో సరిపెట్టుకోవచ్చు. చూసిన అంకెలోంచి 30 తీసెయ్, మిగిలింది సగం చెయ్. అంతే.

రేపటి సూచనలో పగలు 86, రాత్రి 59 అని ఉందనుకో. 86లో 30 పోతే 56, సగం 28. 59లో 30 పోతే 29, సగం పద్నాలుగున్నర. అసలు విలువలు 30, 15. రాత్రి లెక్క దాదాపు సరిగ్గా వచ్చింది, పగటిది రెండు డిగ్రీలు తక్కువ వచ్చింది. ఈ తేడా ఎందుకో తెలిస్తే ఎప్పుడు ఎంత సర్దుకోవాలో నీకే తెలిసిపోతుంది.

అసలు సూత్రంలో 32 తీసి, మిగిలినదాన్ని తొమ్మిదింట అయిదు వంతులు చెయ్యాలి. మనం 32 బదులు 30 తీస్తున్నాం కాబట్టి జవాబు ఒక డిగ్రీ ఎక్కువ వస్తుంది. తొమ్మిదింట అయిదు అంటే సగం కంటే కాస్త ఎక్కువ. మనం సగమే చేస్తున్నాం కాబట్టి అక్కడ కొంత తగ్గుతుంది. ఈ రెండు తప్పులూ సరిగ్గా 50 ఫారెన్‌హీట్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అక్కడ మన లెక్కా 10 డిగ్రీలే, నిజమూ 10 డిగ్రీలే. ఆ 50 నుంచి 18 ఫారెన్‌హీట్ దూరం వెళ్లినప్పుడల్లా ఒక్కో సెల్సియస్ డిగ్రీ తేడా పెరుగుతుంది. 68 దగ్గర ఒకటి, 86 దగ్గర రెండు, 104 దగ్గర మూడు. పైకి వెళ్తే మన లెక్క తక్కువ చూపిస్తుంది, 50 కంటే కిందికి వెళ్తే ఎక్కువ చూపిస్తుంది.

అంటే ఎండ అసలు కంటే తక్కువ అనిపిస్తుంది, చలి కూడా అసలు కంటే తక్కువే అనిపిస్తుంది. ఎటు చూసినా వాతావరణాన్ని మెత్తగా చేసి చెప్తుందన్నమాట. 110 అని ఉంటే మన లెక్కలో 40, నిజానికి 43 దాటి ఉంటుంది. ఎడారి రాష్ట్రాల్లో నడకకి బయల్దేరేవాళ్లకి ఆ మూడు డిగ్రీలు చిన్న విషయం కాదు. కాబట్టి 80 దాటితే రెండు, 100 దాటితే మూడు కలుపుకో. సున్నా ఫారెన్‌హీట్ అయితే మైనస్ 15 వస్తుంది, నిజం మైనస్ 18. చలికోటు విషయంలో కూడా ఆ మూడూ తీసేసి చూసుకో.

గడ్డకట్టే చోట మాత్రం అసలు లెక్కే కట్టకు. రాత్రి 31 అని ఉంటే మన లెక్కలో సున్నాకి అర డిగ్రీ పైన ఉన్నట్టు వస్తుంది, నిజానికి సున్నా కింద ఉంటుంది. అక్కడ అర డిగ్రీ తేడాకే రోడ్డు మీద తడి మంచుగా మారుతుంది. 32 అనే అంకెనే గుర్తుంచుకుని, అది గానీ అంతకంటే తక్కువ గానీ కనిపిస్తే కారు జాగ్రత్తగా నడుపు.

(సరదాకి ఇంకొకటి: 61 తిరగేస్తే 16, 82 తిరగేస్తే 28. రెండూ సెల్సియస్‌కి దాదాపు సరిపోతాయి. లెక్క మీద అనుమానం వస్తే వీటితో సరిచూసుకోవచ్చు.)

చాలామంది తడబడేది ఇంకోచోట. "రేపు ఇవాళ్టికంటే 20 డిగ్రీలు తగ్గుతుంది" అంటే అది ఉష్ణోగ్రత కాదు, తేడా. అందులోంచి 30 తియ్యకూడదు. సగం చేసి ఇంకాస్త కలుపుకుంటే చాలు, 20కి సుమారు 11. ఇవాళ 66 ఉంటే రేపు 46, అంటే 19 నుంచి 8కి పడిపోతుంది. పొద్దున షర్టుతో తిరిగినవాళ్లు మర్నాడు స్వెటర్ కోసం వెతుక్కునేది ఇలాంటప్పుడే.

ఒళ్లు వెచ్చబడితే మాత్రం ఈ చిట్కా జోలికి పోకు. థర్మామీటర్‌లో 101 అంటే 38 దాటిన జ్వరం. మన లెక్క దాన్ని ముప్పై అయిదున్నర అంటుంది, ఒళ్లు చల్లబడిందనుకుని టెన్షన్ పడతావు. జ్వరానికి 100.4 అంటే 38 అని ఆ ఒక్క జతా గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

ఆశీస్సులతో,
మామయ్య